ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన: ఏది ముందు చదవాలి, ఏది తర్వాత?

(శ్రీకాకుళంలో పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కెమిస్ట్రీ, జియాలజీ చదివినవాళ్లే. మీలో కొందరు, కారణం ఇంకా తేలని ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పనిచేయాలనుకుంటున్నారని మీ గైడ్లు చెప్పారు. సంతోషం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు మీకు చుట్టాలుంటారు. డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనిషి ఏదో ఒక ఇంట్లో ఉండనే ఉంటాడు. అందుకే మనకి తొందర. సీసాలు పట్టుకుని ఊళ్లోకి వెళ్లి బోరు నీళ్లు తెచ్చేద్దాం, మెషీన్‌లో పెట్టేద్దాం అనిపిస్తుంది. దానికి ముందు చదవాల్సింది ఏమిటి, ఏ వరసలో చదవాలి అన్నదే ఈ రోజు నేను చెప్పబోయేది.

కెమిస్ట్రీ వాళ్లం మొట్టమొదట వెతికేది ఉద్దానం నీటి నాణ్యత మీద వచ్చిన పేపర్లు. మనకి అలవాటైన పట్టికలు, పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడ్ వాటిలో ఉంటాయి కాబట్టి హాయిగా చదివేస్తాం. నా మాట వింటే వాటిని చివర చదవండి. నీళ్లలో ఏముందో చెప్పే పేపరు, జబ్బు ఎవరికి ఉందో ఎలా తేల్చారన్నది సాధారణంగా చెప్పదు. ఆ రెండోది తెలియకపోతే మొదటిదాని విలువ కట్టలేం.

అందుకని మొదటి మెట్టు నిర్వచనం. కిడ్నీ జబ్బు అని దేన్ని అంటారు? దీనికి కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలున్నాయి. 2012లో ఒకటి వచ్చింది, 2024లో కొత్తది వచ్చింది. పెద్ద పుస్తకం, మొత్తం మనకి అక్కర్లేదు. నిర్వచనం, వర్గీకరణ ఉన్న మొదటి అధ్యాయం చాలు. అందులో పట్టుకోవాల్సింది రెండు ముక్కలు. ఒకటి, ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు ఎంత వేగంగా రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంచనా, 60 కన్నా తగ్గడమో, మూత్రంలో ఆల్బుమిన్ పోవడమో, కిడ్నీ దెబ్బతిన్నట్టు ఇంకేదైనా ఆధారమో ఉండాలి. రెండు, అది కనీసం 3 నెలలు అలాగే ఉండాలి.

ఆ 3 నెలల షరతు చిన్నదిలా కనిపిస్తుంది గానీ, మీరు తర్వాత చదివే ప్రతి సర్వే విలువా దాని మీదే ఆధారపడుతుంది. మే నెలలో జీడితోటలో పొద్దుటి నుంచి పనిచేసొచ్చిన మనిషికి ఆ సాయంత్రమే రక్తం తీశారనుకోండి. ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ రక్తంలో కాస్త పెరిగి ఉండొచ్చు. 3 నెలల తర్వాత మళ్లీ తీస్తే మామూలుగా రావచ్చు. ఒక్కసారే పరీక్షించి వదిలేసిన సర్వే అతన్ని కూడా రోగిగా లెక్కేస్తుంది. అదే ఊళ్లో రెండోసారీ పరీక్షించిన సర్వే లెక్కెయ్యదు. రెండు పేపర్లలో రెండు శాతాలు కనబడితే ఒకరు తప్పు రాశారని అనుకోకండి, ఎన్నిసార్లు పరీక్షించారో చూడండి.

ఇంకో వైపు నుంచీ తేడా వస్తుంది. ఈ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పోవడం తక్కువ. దెబ్బ ముఖ్యంగా కిడ్నీలోని గొట్టాలకీ, వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ తగులుతుంది. డయాబెటిస్ కిడ్నీలో పోయినంత ప్రొటీన్ ఇక్కడ పోదు. అంచేత మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసి సర్వే ముగించినవాళ్లకి చాలామంది రోగులు దొరకరు. ఒక పద్ధతి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఇంకో పద్ధతి తక్కువ చూపిస్తుంది.

మీరు కెమిస్టులు కాబట్టి ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఈజీఎఫ్‌ఆర్‌ని ఎవరూ నేరుగా కొలవరు. రక్తంలో క్రియాటినిన్ కొలిచి, వయసు, ఆడా మగా చూసి, ఒక ఫార్ములాలో వేసి అంచనా కడతారు. సీకేడీ-ఈపీఐ 2009 ఫార్ములా తీసుకుందాం. 45 ఏళ్ల మగమనిషి, క్రియాటినిన్ డెసిలీటరుకి 1.3 మిల్లీగ్రాములు. లెక్క వేస్తే సుమారు 66 వస్తుంది, అంటే 60 అన్న గీతకి పైన. అదే మనిషికి 1.5 వచ్చిందనుకోండి, లెక్క సుమారు 55 దగ్గర తేలుతుంది, అంటే గీతకి కింద. మధ్యలో తేడా 0.2. ల్యాబులో కాలిబ్రేషన్ సరిగా లేకపోతే అంత తేడా రావడం కష్టమేం కాదు. పాత జాఫే పద్ధతిలో కొలిచారా, ఎంజైమ్ పద్ధతిలోనా, ఐడీఎంఎస్ ప్రమాణానికి సరిచూసుకున్నారా అన్నది మీ ఎమ్మెస్సీ చదువుతోనే మీరు అడగగలిగే ప్రశ్న. డాక్టర్లు రాసిన పేపర్‌ని కూడా ఈ ప్రశ్నతో చదవండి.

ఈ ఇబ్బంది ఈ రంగంలో వాళ్లకీ తెలుసు. అందుకే వేర్వేరు దేశాల లెక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికి డిగ్రీ అనే ఉమ్మడి సర్వే పద్ధతిని తయారుచేసి 2017లో ప్రచురించారు. మార్గదర్శకం తర్వాత అది చదవండి. చిన్నదే, ఒక సాయంత్రం చాలు.

రెండో మెట్టు సమీక్షా వ్యాసాలు. ఇక్కడ మొదటి చిక్కు వెతకడంలోనే వస్తుంది. ఈ జబ్బుకి దేశానికో పేరు ఉంది. మనం ఉద్దానం నెఫ్రోపతీ అంటాం. ఎల్ సాల్వడార్, నికరాగువా వైపు మెసోఅమెరికన్ నెఫ్రోపతీ అంటారు. శ్రీలంకలో సీకేడీయూ అంటారు. కారణం వ్యవసాయ విషాలేనని నమ్మేవాళ్లు సినాక్ అంటారు. ఒక్క పేరుతో వెతికితే మిగతా సాహిత్యం మీ కంటికి ఆనదు. పబ్‌మెడ్‌లో ఇలా కొట్టండి:

```
("CKDu" OR "Mesoamerican nephropathy" OR "CINAC"
OR "chronic kidney disease of unknown etiology"
OR "chronic kidney disease of uncertain etiology"
OR "Uddanam") AND review[pt]
```

చివరి `AND review[pt]` తీసేస్తే మూల పరిశోధనలు కూడా వస్తాయి. ఇప్పటికి ఉంచండి. పేపర్ దొరకదేమో, డబ్బు కట్టాలేమో అన్న భయం ఇప్పుడు బాగా తగ్గింది. ఈ రంగంలో చాలా పేపర్లు ఉచితంగానే ఉంటాయి. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి పెద్ద ప్రచురణకర్తల జర్నళ్లు తెరిచారు. మన లైబ్రరీకి లాగిన్ ఎలాగో ఈ వారమే కనుక్కోండి.

సమీక్షలు ఎన్ని చదవాలి? మొదట్లో రెండు చాలు. కానీ ఆ రెండూ ఒకే అభిప్రాయం ఉన్నవాళ్లవి కాకూడదు. ఒకటిగా 2019లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జాన్సన్, వెస్సెలింగ్, న్యూమన్ రాసింది తీసుకోండి. వ్యవసాయ సమాజాల్లో కారణం తెలియని కిడ్నీ జబ్బు మీద అది మంచి వ్యాసం. దేశదేశాల చిత్రం అంతా ఒకచోట దొరుకుతుంది. ఎండలో గంటలకొద్దీ పని, ఒంట్లో నీరు తగ్గడం కిడ్నీని ఎలా దెబ్బతీయగలవో అందులో విపులంగా ఉంటుంది. ముందువరుసలోని ఆ రచయితలు ఏళ్ల తరబడి ఆ దిశలో పనిచేసినవాళ్లు కాబట్టి దానికి అక్కడ చోటు ఎక్కువ. అది తప్పని అనడం లేదు, తెలిసి చదవమంటున్నాను.

రెండోదిగా దానికి ఎదురు వాదం చదవండి. 2020లో కిడ్నీ ఇంటర్నేషనల్‌లో బెల్జియం పరిశోధకులు ముందుండి రాసిన వ్యాసం ఒకటుంది. రోగుల కిడ్నీ ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, గొట్టాల కణాల్లో లైసోజోములు వింతగా ఉబ్బి ఉన్నాయని చూపించారు. ఇది ఏదో విషం చేసిన పనేనని వాళ్ల వాదన. ఇది సమీక్ష కాదు, మూల పరిశోధనే. అయినా ఈ దశలోనే చదవమనడం ఎందుకంటే, ఒక్క వాదమే బుర్రలో గట్టిపడకముందే రెండోది కూడా కూర్చోవాలి. అన్నట్టు, ఏ వాదం మీదైనా జర్నల్ ఎడిటర్‌కి వచ్చిన ఉత్తరాలు, వాటికి రచయితల జవాబులు తప్పకుండా చదవండి. వ్యాసంలో మర్యాదగా దాటేసిన బలహీనతలు ఆ రెండు పేజీల్లో బయటపడతాయి.

చదివేటప్పుడు మామూలు లాంగ్‌నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఒక పేజీని అడ్డంగా తిప్పి గడులు గీయండి. సమీక్ష ఏమన్నది, దానికి ఏ పేపర్‌ని చూపించింది, ఆ పేపర్ ఏ దేశంలో ఎవరిమీద చేసింది, వాళ్లు నిజంగా కొలిచింది ఏమిటి. చివరి గడి ఖాళీగా వదలండి. అది సమీక్ష చదివి నింపేది కాదు, మూల పేపర్ తెరిచి నింపాల్సింది. మూడో మెట్టు అదే.

స్థలం కొనేటప్పుడు ఏం చేస్తాం? అమ్మేవాడి చేతిలో ఉన్న దస్తావేజు ఒక్కటీ చూసి డబ్బివ్వం. లింక్ డాక్యుమెంట్లు తెమ్మంటాం, అతనికి ఎవరమ్మారు, వాళ్లకి ఎక్కడిది అని వెనక్కి వెళ్తాం. పరిశోధనా సాహిత్యంలో ఒక్క వాక్యాన్ని అలా వెనక్కి పట్టుకెళ్లడం ఒకసారి చేసి చూపిస్తాను.

శ్రీలంక మీద రాసిన వ్యాసాల్లో ఇలాంటి వాక్యం తరచూ తగులుతుంది: గ్లైఫోసేట్ అనే కలుపు మందుకీ ఈ కిడ్నీ జబ్బుకీ సంబంధం ఉన్నట్టు తెలిసింది. పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పట్టుకుని వెళ్తే చాలాసార్లు 2014లో వచ్చిన ఒక పేపర్ దగ్గర తేలతాం. జయసుమన, మరో ఇద్దరు రాసింది. తెరవండి. అందులో కొత్తగా రోగుల్ని పరీక్షించిన పట్టిక ఉండదు. అది ఒక ఊహని ముందుపెట్టిన వ్యాసం. కఠినజలంలోని లోహాలతో గ్లైఫోసేట్ జట్టుకట్టి, ఆర్సెనిక్ లాంటివాటిని కిడ్నీ దాకా మోసుకెళ్లొచ్చు, అలాగైతే ఈ జబ్బు ఆ ప్రాంతాల్లోనే ఎందుకుందో అర్థమవుతుంది అని వాళ్లు వాదించారు. ఊహ వేయడం సైన్స్‌లో న్యాయమైన పనే. కానీ సంబంధం ఉన్నట్టు తెలిసింది అని రాయడానికి ఆ పేపర్ చాలదు.

అక్కడ ఆగిపోకూడదు. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్ కింద `Cited by` అని ఉంటుంది. దాని మీద నొక్కితే ఆ తర్వాత ఎవరెవరు దాన్ని ప్రస్తావించారో వస్తారు. ఆ వరసలో 2015లో అదే జయసుమన బృందం ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌లో రాసిన పేపర్ దొరుకుతుంది. ఇది కొలతలున్న పేపర్. పదవి-శ్రీపుర ప్రాంతంలో జబ్బున్నవాళ్లనీ లేనివాళ్లనీ పక్కపక్కన పెట్టి, ఏ బావి నీళ్లు తాగారు, మందు కొట్టారా అని అడిగారు. వాడడం మానేసిన బావుల నీళ్లు కూడా పరీక్షించారు. మొదటి పేపర్ కన్నా ఇది గట్టి ఆధారం. దీనికీ హద్దులున్నాయి. జబ్బొచ్చిన మనిషిని నువ్వు మందు కొట్టావా అని అడిగితే, కారణం కోసం ఏళ్లుగా వెతుక్కుంటున్న మనిషి కాబట్టి జబ్బు లేనివాడికన్నా ఎక్కువ గుర్తుచేసుకుంటాడు. బావిని కొలిచింది ఇప్పుడు, కిడ్నీ చెడడం మొదలైంది ఎన్నో ఏళ్ల క్రితం.

ఈ మధ్యలో ప్రభుత్వాలు ఊరుకోలేదు. శ్రీలంక 2015లో గ్లైఫోసేట్‌ని నిషేధించింది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకి సడలించింది. ఒక వాక్యం పక్కనున్న అంకె ఏ పేపర్‌ది, అది కొలిచిందా, ఊహించిందా అన్న తేడా రైతు చేలోకి వచ్చేస్తుంది. అందుకే దీనిమీద ఇంతసేపు చెప్తున్నాను.

ఇక్కడ ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా.

*(విద్యార్థిని: సార్, రోగుల మూత్రంలోనే లోహాలు కొలిచేస్తే సరిపోదా సార్? బావి నీళ్లతో పనేముంది?)*

మంచి ప్రశ్న. అలా కొలిచిన పేపర్లు ఉన్నాయి. శ్రీలంకలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో చేసిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది, అందులో మూత్రంలో కాడ్మియం సంగతి ఉంది. కానీ చదివేటప్పుడు ఒకటి ఆలోచించండి. లోహాల్ని బయటికి పంపేదే కిడ్నీ. ఆ కిడ్నీయే చెడిపోయిన మనిషి మూత్రంలో లోహం ఎక్కువో తక్కువో కనబడితే, అది జబ్బుకి కారణమా, జబ్బు వల్ల వచ్చిన మార్పా? పైగా మూత్రం పలచనా చిక్కనా అన్న తేడా పోగొట్టడానికి మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగిస్తారు. ఆ క్రియాటినిన్ కూడా కండ తగ్గిన రోగిలో తక్కువే వస్తుంది, అప్పుడు భాగఫలం ఊరికే పెరిగిపోతుంది. అంచేత రోగి మూత్రం మీద కట్టిన ప్రతి వాదాన్నీ ఈ ప్రశ్న అడగండి: జబ్బు రాకముందు తీసిన నమూనా ఉందా? లేకపోతే, కిడ్నీ ఇంకా బాగున్న వయసువాళ్లని తీసుకుని కొన్నేళ్లు వెంబడించి చూశారా? అలా వెంబడించిన అధ్యయనానికి మీ పట్టికలో పై వరస ఇవ్వండి.

ఇప్పుడు మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మన జబ్బు మీదే కాకుండా, చిక్కుముడి వీడిపోయిన పక్క జబ్బు ఒకటి పూర్తిగా చదవండి. అది బాల్కన్ నెఫ్రోపతీ. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో, ఒకే ఊళ్లో కొన్ని ఇళ్లలోనే కిడ్నీలు పోయేవి. 1950లలో దీన్ని వైద్యులు వర్ణించారు. నీళ్లని అనుమానించారు, లోహాల్ని అనుమానించారు, నిల్వ ధాన్యంలో బూజు విషాన్ని దశాబ్దాలపాటు అనుమానించారు. 1969లో ఇవిచ్ అనే ఆయన, గోధుమ చేలల్లో పెరిగే అరిస్టొలోకియా అనే కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయేమో అన్నాడు. మన ఈశ్వరవేరు కుటుంబపు మొక్కే అది. ఆ మాట చాలాకాలం పక్కన పడి ఉంది.

తర్వాత తాళంచెవి ఎక్కడ దొరికిందో చూడండి. 1993లో బెల్జియంలో, బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని లాన్సెట్‌లో వచ్చింది. ఆ మందుల్లో కలిసింది ఈ జాతి మొక్కే. 1994లో బెల్జియం వైద్యులే కిడ్నీ ఇంటర్నేషనల్‌లో, ఈ కిడ్నీ ముక్కలు బాల్కన్ రోగుల ముక్కల్లాగే ఉన్నాయి, ఇదే ఆధారమేమో అని రాశారు. 2007లో గ్రోల్‌మన్ బృందం క్రొయేషియా రోగుల కిడ్నీ డీఎన్‌ఏకి ఆ మొక్క విషం అతుక్కుని ఉన్నట్టు, కణితుల్లో అది వదిలిన ప్రత్యేకమైన మార్పు ఉన్నట్టు చూపించింది. నాలుగు పేపర్లు, 1969, 1993, 1994, 2007. వరసగా చదివితే ఒక వారం పని. బాల్కన్ అన్న పదంతో మాత్రమే వెతికినవాడికి 1993 పేపర్ దొరికేదే కాదు. ఇది విని ఉద్దానంలోనూ ఆ మొక్కే కారణమని ఎవరూ రాసుకోకండి, నేను ఆ మాట అనడం లేదు. కారణం తేలిందని ఒప్పుకోవడానికి ఏ స్థాయి ఆధారం కావాలో ఆ 2007 పేపర్ చూపిస్తుంది. ఆ కొలబద్ద పట్టుకుని మన పేపర్ల దగ్గరికి రండి.

ఇక ఉద్దానం పేపర్లు. ఇప్పటికి మీరు సిద్ధంగా ఉంటారు. సారాంశం చదివి ఊరుకోకుండా నేరుగా పద్ధతుల విభాగం తెరవండి. జనాభా సర్వే అయితే ఇందాకటి ప్రశ్నలే: ఊళ్లని ఎలా ఎంచారు, పిలిస్తే వచ్చినవాళ్లనే పరీక్షించారా, ఇంటింటికీ వెళ్లారా, రెండోసారి పరీక్షించారా, రెండోసారి రానివాళ్లని ఏ లెక్కలో వేశారు. మెడికల్ క్యాంపుకి నడిచొచ్చినవాళ్లలో శాతం కడితే అది ఊరి శాతం కాదు. ఒంట్లో బాగోలేనివాళ్లే ముందు వస్తారు కదా.

నీటి పేపర్ అయితే, జబ్బు లేని ఊళ్ల నీళ్లు కూడా తీశారా చూడండి. ఒక్క ఉద్దానం నీళ్లే తీసి, తాగునీటికి దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 హద్దులతో పోల్చి, అన్నీ హద్దులోనే ఉన్నాయి కాబట్టి నీళ్లు కారణం కాదు అని ముగిస్తే, ఆ ముగింపు నిలవదు. ఆ హద్దుల పట్టికలో లేని పదార్థాల సంగతేమిటి? మన ప్రాంతపు నీళ్ల మీద వచ్చిన కొన్ని పేపర్లలో సిలికా పేరు వస్తుంది. ఐఎస్ 10500లో సిలికాకి హద్దే లేదు. హద్దు లేనిదాన్ని ఎక్కువ అన్నారంటే దేనితో పోల్చి అన్నారో వెతకండి. తూర్పు కనుమల రాతి నేలల్లో బోరు వేస్తే, జబ్బు లేని చోట కూడా అంతే సిలికా వస్తుందా? జియాలజీ వాళ్లు ఇక్కడ ఉన్నారు, ఇది మీ ప్రశ్న.

*(ఒక విద్యార్థి: సార్, ఎప్పటికి చదవడం ఆపి ఫీల్డుకి వెళ్లొచ్చు?)*

నాయనా, రెండు గుర్తులు చెప్తాను. కొత్త పేపర్ తెరిచి చివర రిఫరెన్సుల పట్టిక చూస్తే, సగానికి పైగా నువ్వు చదివినవో, ఎందుకు చదవలేదో నీకు తెలిసినవో అయి ఉండాలి. అది ఒకటి. రెండోది, సారాంశం మూసేసి పద్ధతుల విభాగం ఒక్కటీ చదివి, ఈ పేపర్ ఎంతవరకు చెప్పగలదో ముందే రాసుకో. తర్వాత ముగింపు చదువు. రచయితలు నువ్వు రాసుకున్నదానికన్నా ఎక్కువ చెప్పినచోట, ఎందుకు చెప్పారో నీకు వెంటనే పట్టుబడితే బయల్దేరొచ్చు. చదవడం మాత్రం ఆపకు. పబ్‌మెడ్‌లో అదే సెర్చ్‌కి ఈమెయిల్ అలర్ట్ పెట్టుకో.

ఫీల్డుకి వెళ్లేముందు ఇంకో పని ఉంది, అందులో సగమే కాగితాల మీద దొరుకుతుంది. ప్రతి పాత పేపర్‌లోనూ నమూనాలు తీసిన సంవత్సరం వెతికి రాసుకోండి. ప్రచురించిన సంవత్సరం కాదు, తీసిన సంవత్సరం. ఎందుకంటే హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి మంచినీళ్ల పథకం వచ్చింది. 2023 డిసెంబరులో దాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, ఆసుపత్రినీ కలిపి ప్రారంభించారు. అంతకుముందు తీసిన నీళ్లు జనం బోర్ల నుంచి తాగినవి. ఆ తర్వాత అదే ఊళ్లో అదే బోరు నుంచి మీరు తీసే నీళ్లు, ఆ ఇంటివాళ్లు ఇప్పుడు తాగుతున్నవి కాకపోవచ్చు. కొన్ని ఇళ్లు రెండూ వాడుతుండొచ్చు. కాబట్టి గ్రామీణ నీటి సరఫరా చూసే ఆర్‌డబ్ల్యూఎస్ ఆఫీసుకి వెళ్లి, మీరు ఎంచుకున్న ఒక్కో ఊరికీ కుళాయి నీళ్లు ఏ నెలలో మొదలయ్యాయో అడిగి రాసుకోండి. తర్వాత ఆ ఊళ్లో ఇంటామెను అడగండి, తాగడానికి ఏవి, వంటకి ఏవి, తోటకి తీసుకెళ్లే సీసాలో పోసుకునేవి ఏవి అని. ఈ మూడు జవాబులూ మీ నమూనా సీసా మీద లేబుల్లో ఉండాలి.